ఒక నిమిషం శ్వాస లెక్క షార్ట్: లూప్ తిరిగే చోట అందరికీ ఊపిరి తడబడుతోంది, తప్పు ఎక్కడుంది?

గోదారిగట్టు (సోమవారం, సాయంత్రం 4:10)

నమస్తే అండి. నేను రాజమండ్రిలో ఇంటి దగ్గరే పొద్దున్న యోగా క్లాసు చెబుతాను. పద్నాలుగు మంది వస్తారు, అందరూ ఆడవాళ్ళే, ఎక్కువమంది యాభై దాటినవాళ్ళు. మధ్యాహ్నం వంట, గిన్నెలు అన్నీ అయ్యాక అయిదు నిమిషాలు కూర్చుని చేసుకోవడానికి ఒక చిన్న వీడియో చేసిపెట్టండమ్మా అని అడిగితే, ఫోన్లోనే షార్ట్ ఒకటి చేశాను. నిమిషం వీడియో, దాన్నే అలా తిరగనిచ్చి అయిదారు సార్లు చేస్తారని నా ఆలోచన.

చేసిన పద్ధతి చెబుతాను. మొదటి 4 సెకన్లు "నమస్తే అందరికీ, సుఖంగా కూర్చోండి". తర్వాత నాలుగు లెక్కలు పీల్చడం, నాలుగు ఆపడం, నాలుగు వదలడం, నాలుగు ఆపడం, ఇది మూడు సార్లు. చివరి 8 సెకన్లు "ధన్యవాదాలు, రేపు మళ్ళీ కలుద్దాం". వెనక పుష్కర ఘాట్ దగ్గర నేనే తీసిన సూర్యోదయం, దాని మీద పెద్దదవుతూ చిన్నదయ్యే తెల్లటి వలయం, కింద వేణువు సంగీతం.

ఒక్కసారి చూస్తే బాగానే ఉంది. తిరగడం మొదలైతేనే ఇబ్బంది. ఒకావిడ "మీరు నమస్తే అన్నప్పుడల్లా నా ఊపిరి ఎక్కడుందో మర్చిపోతున్నానమ్మా" అన్నారు. ఇంకో ఇద్దరికి మూడో రౌండుకి తల తేలినట్టు అనిపించిందట. ఇలాంటివి చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే ఎలా కడతారో చెప్పండి, చాలా మేలు చేసినవారవుతారు.

రీలుబండి (సాయంత్రం 5:02)

మేడమ్, నేను హైదరాబాద్‌లో ఎడిటింగ్ చేస్తాను, ఇలాంటి శ్వాస వీడియోలు ఓ ముప్పై దాకా కట్టాను. మీ వీడియోలో ముందు చూడాల్సింది లెక్క. నాలుగు నాలుగుల పద్ధతి అంటే ఒక చుట్టు 16 సెకన్లు. అరవైని పదహారుతో భాగిస్తే మూడు చుట్లు పోను 12 సెకన్లు మిగులుతాయి. ఆ మిగిలిన 12 సెకన్లనే మీరు నమస్తేకి, ధన్యవాదాలకి వాడారు. ఒక్కసారి చూసేవాళ్ళకి అవి మొదలూ చివరా. తిప్పి తిప్పి చూసేవాళ్ళకి మాత్రం ఆ రెండూ పక్కపక్కనే పడి, 48 సెకన్ల శ్వాస మధ్యలో 12 సెకన్ల మాటలుగా వినపడతాయి. ఆ 12 సెకన్లలో మనిషి మామూలుగా మూడు సార్లు ఊపిరి తీసుకుని వదిలేస్తాడు, మళ్ళీ మీ లెక్క మొదలయ్యేసరికి ఆయన ఊపిరి ఇంకెక్కడో ఉంటుంది. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం.

లూప్ వీడియోకి మొదలూ ఉండకూడదు, చివరా ఉండకూడదు. పలకరింపు, వీడ్కోలు, "సబ్‌స్క్రైబ్ చేయండి", అన్నీ తీసేసి కింద వివరణలో రాసుకోండి. ఆ తర్వాత అరవైని నిండుగా భాగించే చుట్టు ఎంచుకోవాలి. పది సెకన్ల చుట్టు అయితే ఆరు శ్వాసలు, ఒక్క సెకను కూడా మిగలదు. నాలుగు సెకన్లు లోపలికి, ఆరు సెకన్లు బయటికి. పదితో ఇంకో లాభం కూడా ఉంది, 30 ఫ్రేముల వీడియోలో పది సెకన్లంటే సరిగ్గా 300 ఫ్రేములు. ఒక్క శ్వాసకి బొమ్మ శుభ్రంగా చేసుకుంటే ఆరు సార్లు అతికించడమే పని.

ధ్యానబాట (సాయంత్రం 5:40)

అమ్మా, నేను విపశ్యన శిబిరాలకు పదకొండేళ్ళుగా వెళ్తున్నాను. మాకు ఆనాపానలో అసలు లెక్కపెట్టొద్దంటారు. శ్వాసను మార్చొద్దు, పొడుగైతే పొడుగు, పొట్టిదైతే పొట్టి, ఉన్నదాన్ని ఉన్నట్టు చూడమంటారు. మంత్రం వద్దు, బొమ్మ వద్దు. మీరు వలయం చూపించి, అంకెలు చెప్పి, సంగీతం పెట్టి చేయిస్తున్నది ధ్యానం అవుతుందా? కళ్ళు మూసుకుని పది నిమిషాలు కూర్చోమని చెబితే సరిపోదా?

గోదారిగట్టు (సాయంత్రం 6:15)

ధ్యానబాట గారూ, మీరు చెప్పిన పద్ధతి మీద నాకు గౌరవం ఉంది. కానీ మావాళ్ళని ఏమీ చెప్పకుండా కళ్ళు మూసుకోమంటే రెండో నిమిషానికి మినప్పప్పు నానబోశామా లేదా అనే ఆలోచనలోకి వెళ్ళిపోతున్నారు, వాళ్ళే చెప్పారు. లెక్క ఉంటే మనసుకి పట్టుకోవడానికి ఒక కొమ్మ దొరుకుతుంది.

రీలుబండి గారూ, మీ లెక్క అర్థమైంది. ఇన్నాళ్ళూ మర్యాద అనుకుని నమస్తే పెడుతున్నాను. ఈ రాత్రికి పది సెకన్ల చుట్టుతో మళ్ళీ చేస్తాను.

ధ్యానబాట (సాయంత్రం 6:31)

లెక్క పాత పద్ధతేనని ఒప్పుకుంటాను. బుద్ధఘోషుడు రాసిన విశుద్ధిమగ్గం అనే బౌద్ధ గ్రంథంలో శ్వాస లెక్కపెట్టడం మొదటి మెట్టుగా ఉంది, అయిదుకి లోపు ఆపొద్దు, పది దాటొద్దు అని హద్దు కూడా పెట్టాడు. ఆ లెక్కన మీ ఆరు హద్దులోనే ఉంది. అయితే ఆయన లెక్కపెట్టమన్నది దానంతటది వచ్చే శ్వాసని. మీరు సెకన్లు కొలిచి శ్వాసని దాని వెంట నడిపిస్తున్నారు, రెండూ ఒకటి కాదు. అంతవరకే నా మాట.

చిన్నోడు_గుంటూరు (సాయంత్రం 7:05)

అక్కా, లెక్క మార్చక్కర్లేదు. యూట్యూబ్ షార్ట్స్ ఇప్పుడు 3 నిమిషాల దాకా పెట్టుకోవచ్చు, 2024 అక్టోబర్ 15 నుంచి. నాలుగు నాలుగుల చుట్టు నాలుగు సార్లు తిప్పితే 64 సెకన్లు, అదీ నిండుగానే సరిపోతుంది. తల తేలడం గురించి భయపడకండి, లోతుగా పీలిస్తే ఒంట్లోకి ఆక్సిజన్ ఎక్కువ వెళ్తుంది, అలవాటు లేనివాళ్ళకి మొదట్లో అలాగే ఉంటుంది, వారం చేస్తే పోతుంది. "ఇంకా లోతుగా, ఛాతీ నిండా" అని గట్టిగా చెప్పండి.

రాత్రిడ్యూటీ (సాయంత్రం 7:48)

చిన్నోడు గారూ, ఆ చివరి మాట దయచేసి చెప్పించకండి. నేను ఖమ్మంలో నర్సుని, పద్దెనిమిదేళ్ళ సర్వీసు. ఆరోగ్యంగా ఉన్న మనిషి మామూలుగా కూర్చుని ఉన్నప్పుడే రక్తంలో ఆక్సిజన్ 95 నుంచి 100 శాతం దాకా ఉంటుంది, వేలికి పెట్టే మీటర్‌లో మీరే చూసుకోవచ్చు. ఛాతీ నిండా లాగినంత మాత్రాన అక్కడ పెరగడానికి పెద్దగా చోటు లేదు. పెద్ద పెద్ద ఊపిరి లాగి వదులుతుంటే జరిగేది వేరు, కార్బన్ డయాక్సైడ్ అవసరానికి మించి బయటికి పోతుంది. అది తగ్గగానే మెదడుకి వెళ్ళే రక్తనాళాలు కాస్త ముడుచుకుంటాయి, అందుకే తల తేలుతుంది, పెదాల చుట్టూ, వేళ్ళ కొసల్లో చీమలు పాకినట్టు ఉంటుంది. క్యాజువాలిటీలో టెన్షన్‌తో వచ్చే ఆడపిల్లల్లో ఇది తరచుగా చూస్తాం.

మేడమ్, మీ వీడియోలో "లోతుగా" అనే మాట ఉందా? ఉంటే తీసేయండి. "మెల్లగా", "తేలిగ్గా" అనండి. లోతుగా అంటే మనవాళ్ళు గాలి గట్టిగా లాగుతారు, భుజాలు పైకి లేస్తాయి. మీ క్లాసులో పక్కనుంచి చూడండి, భుజాలు లేస్తుంటే ఎక్కువ లాగుతున్నారని గుర్తు. ఊపిరి నిదానం కావాలి, పెద్దది కానక్కర్లేదు.

వదిలాక నాలుగు లెక్కలు ఆపడం కూడా ఈ వయసువాళ్ళకి, ఆస్తమా ఉన్నవాళ్ళకి కష్టం. ఊపిరి ఖాళీగా ఉన్నప్పుడు ఆపితే గాలి కోసం లోపల తహతహ పుడుతుంది, తర్వాతి ఊపిరి గబుక్కున లాగుతారు. మీ క్లాసులో ఆ ఇద్దరికీ తల తేలడానికి అదీ కారణం కావచ్చు.

నిమిషానికి ఆరు అనే అంకె మాత్రం మంచిది. 2001లో ఇటలీ వైద్యుడు లూసియానో బెర్నార్డి, ఆయనతోటివాళ్ళు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పరిశీలన రాశారు. క్రైస్తవుల జపమాల ప్రార్థన లాటిన్‌లో చదివినా, బౌద్ధ మంత్రం జపించినా, ఊపిరి నిమిషానికి ఆరు దగ్గరికి వచ్చి నిలిచిందని అందులో ఉంది.

గోదారిగట్టు (రాత్రి 8:02)

ఉందండి. "లోతైన శ్వాస తీసుకోండి" అని మూడు చోట్ల చెప్పాను. తీసేస్తున్నాను. ఆపడం కూడా తీసేస్తాను.

రీలుబండి (రాత్రి 8:20)

చిన్నోడు చెప్పిన 64 సెకన్లు లెక్కకి సరైనదే తమ్ముడూ, చుట్టు నిండుగా సరిపోతే లూప్‌కి 60 అయినా 64 అయినా ఒకటే. కానీ నిమిషం దాటిన షార్ట్‌లో ఎవరిదైనా కాపీరైట్ సంగీతం ఉండి కంటెంట్ ఐడీ క్లెయిమ్ పడితే వీడియోనే ఆగిపోతుంది. మేడమ్ వేణువు సంగీతం ఎక్కడినుంచి తెచ్చారో తెలీదు. నిమిషంలోపే ఉంచితే గొడవ తక్కువ.

కొత్తమైకు (రాత్రి 9:15)

గొంతు గురించి ఎవరూ అనలేదు కాబట్టి నేను రాస్తున్నాను. రేడియోలో కొన్నాళ్ళు అనౌన్సర్‌గా చేశాను. "పీల్చండి" అనే మాట ఫోన్ మైకు దగ్గర పెట్టి అంటే "ప" దగ్గర గాలి వెళ్ళి మైకుకి తగులుతుంది, ఇయర్‌ఫోన్లలో డప్పు మోగినట్టు "ఢబ్" అంటుంది. "శ్వాస"లో "శ", "స" రెండూ బుసకొడతాయి. నిశ్శబ్దంగా ఉన్న వీడియోలో ఈ రెండూ చెవికి ముల్లులా తగులుతాయి. అందుకే నేను "లోపలికి", "బయటికి" అనే మాటలే వాడతాను. "లోపలికి"లో "ప" మధ్యలో ఉంటుంది కాబట్టి మెత్తగా పోతుంది. "బయటికి"లో "బ" ఉంది కానీ "ప" అంత గాలి కొట్టదు. క్రియ లేకపోవడం వల్ల ఆజ్ఞలాగా కూడా వినపడదు.

ఫోన్ నోటికి ఎదురుగా పెట్టకండి. జానెడు దూరంలో, చెంప పక్కగా, కాస్త కిందికి. ఫ్యాన్ ఆపేయండి. గది నాలుగు గోడలూ ఖాళీగా ఉంటే గొంతు మోగుతుంది, బీరువా తలుపులు తీసి బట్టల వైపు తిరిగి మాట్లాడితే ఆ మోత తగ్గుతుంది. గుసగుసగా చెప్పొద్దు, గుసగుసలో గాలి శబ్దమే ఎక్కువ. మామూలు గొంతే, పక్కన పడుకున్న పిల్లకి చెప్పినట్టు.

అంకెలు చెప్పేటప్పుడు "ఒకటీ... రెండూ..." అని చివర పైకి లేపే అలవాటు మనకి బడి నుంచి ఉంది. పైకి లేపితే వినేవాళ్ళు తర్వాతి అంకె కోసం ఎదురుచూస్తారు. కిందికి దించి ఆపండి, ఒక్కో అంకె అక్కడికక్కడ పూర్తయినట్టు.

ప్లానో_పద్మ (రాత్రి 11:30)

నేను టెక్సస్ నుంచి. నాకు ఆందోళన సమస్య ఉంది, మందులు కూడా వాడుతున్నాను. ఇలాంటి వీడియోలు చాలా ప్రయత్నించాను, నాకు లెక్క వినపడగానే పరీక్షలో టైమ్ అయిపోతున్నట్టు గుండె దడ మొదలవుతుంది. ఒకటి రెండు మూడు నాలుగు అని సెకన్లు చెబుతుంటే, నాలుగు లోపు నిండాలి అనే కంగారు. నాలాంటి వాళ్ళకి ఏమైనా దారి ఉందా? లేక ఇది నాకు సరిపడదా?

రాత్రిడ్యూటీ (రాత్రి 11:52)

పద్మ గారూ, మందులు వాడుతున్నారు కాబట్టి మీ డాక్టరుకి ఈ సంగతి చెప్పండి, అది మొదట. ఊపిరిని గమనించడమే కొందరికి దడ పెంచుతుంది, అది మీ లోపమేమీ కాదు. అలాంటప్పుడు పాదాలు నేలకి తగలడం మీద, చేతిలో గ్లాసు చల్లదనం మీద ధ్యాస పెట్టమని మేం చెబుతాం. ఇబ్బంది పడుతూ చేయకండి.

రీలుబండి (మంగళవారం, ఉదయం 7:10)

పద్మ గారి మాటలో వీడియో చేసేవాళ్ళకి పనికొచ్చే సంగతి ఒకటి ఉంది. సెకన్లు లెక్కపెట్టడం వేరు, శ్వాసలు లెక్కపెట్టడం వేరు. సెకన్లు చెబితే పది సెకన్లలో పది అంకెలు, వినేవాళ్ళు పరుగెడుతున్నట్టు ఉంటుంది. శ్వాసకి ఒక్క అంకె చెబితే నిమిషం మొత్తంలో ఆరే. సెకన్ల పని వలయం చూసుకుంటుంది, దాని వేగమే లెక్క. గొంతు అంకెని వదిలే ఊపిరి మధ్యలో ఒకసారి అంటే చాలు.

గోదారిగట్టు (మంగళవారం, రాత్రి 9:05)

రెండోది చేశాను అండి. నమస్తే లేదు, ఆపడం లేదు, "లోతు" లేదు. నాలుగు లోపలికి, ఆరు బయటికి, ఆరు శ్వాసలు, శ్వాసకి ఒక అంకె. బీరువా ముందు కూర్చుని రికార్డు చేశాను, నిజంగానే గొంతు మెత్తబడింది, కొత్తమైకు గారికి ధన్యవాదాలు.

ఈ రోజు క్లాసు అయ్యాక అయిదుగురికి చూపించాను. చాలా నయం. కానీ రెండు సంగతులు. ఒకటి, వీడియో మొదలవగానే వలయం పెరగడం మొదలవుతుంది, నేను "లోపలికి" అనేసరికి వలయం పావు వంతు పెరిగిపోయి ఉంటుంది, మొదటి ఊపిరి అందరూ ఆలస్యంగా అందుకుని గబగబా లాగుతున్నారు. ప్రతి లూప్‌లోనూ మొదటి శ్వాస దగ్గర అదే. రెండు, లూప్ తిరిగినప్పుడు వేణువు టక్కున తెగుతోంది, ఒకావిడ ఉలిక్కిపడి కళ్ళు తెరిచారు.

రీలుబండి (రాత్రి 10:20)

మొదటిది నేనూ రెండేళ్ళు పడ్డ బాధే కాబట్టి వివరంగా రాస్తాను, కాస్త పొడుగవుతుంది.

మాట విని, అర్థం చేసుకుని, ఊపిరి మార్చడానికి మనిషికి అర సెకను పైనే పడుతుంది. అందుకని మాట ఎప్పుడూ మార్పుకి ముందే రావాలి. వలయం ఇంకా పెరుగుతుండగానే, చివరి అర సెకనులో "బయటికి" మొదలవ్వాలి. మిగతా శ్వాసల్లో ఇది సులువు. మొదటి "లోపలికి" దగ్గరే చిక్కు, ఎందుకంటే దానికి ముందు వీడియోనే లేదు. మాటని 59.5వ సెకనులో పెడితే రెండోసారి తిరిగేవాళ్ళకి అందుతుంది, కొత్తగా తెరిచినవాళ్ళకి అందదు.

నేను మొదట చేసిన ఉపాయం, వీడియోని వదిలే ఊపిరి మధ్యలోంచి మొదలుపెట్టడం. అప్పుడు "ముందు గాలి వదిలేయండి" అని చెప్పే వీలుంటుంది. కానీ వలయం బాగా కదులుతున్నప్పుడు లూప్ అతుకు పడింది. చాలా ఫోన్లలో వీడియో మళ్ళీ మొదలయ్యేటప్పుడు కనురెప్ప పాటు ఆగుతుంది. కదిలే వస్తువు అలా ఆగితే కంటికి తెలుస్తుంది, కదలనిది ఆగితే తెలీదు.

కాబట్టి అతుకు వలయం కదలని చోటే పడాలి. దానికోసం చుట్టులో ఒక సెకను విశ్రాంతి పెట్టాను, వదలడాన్ని ఆరు నుంచి అయిదుకి తగ్గించి. చుట్టు ఇప్పుడు విశ్రాంతితో మొదలవుతుంది. మొదటి సెకను వలయం చిన్నదిగా, కదలకుండా ఉంటుంది, ఆ సెకనులోనే "లోపలికి" అనే మాట. 1వ సెకను నుంచి 5 దాకా పెరుగుతుంది. 4.5 దగ్గర "బయటికి". 5 నుంచి 10 దాకా చిన్నదవుతుంది. 7వ సెకనులో "ఒకటి". తర్వాత మళ్ళీ విశ్రాంతి, "లోపలికి". పది సెకన్లలో గొంతు వినపడేది రెండున్నర సెకన్లే, మిగతాది నిశ్శబ్దం. ఆరో వదలడం పూర్తయ్యే చోట వీడియో ముగుస్తుంది, విశ్రాంతి దగ్గర మొదలవుతుంది. అతుకు రెండు వైపులా వలయం చిన్నదే. కొత్తగా తెరిచినవాళ్ళకీ ఒక సెకను ముందే మాట అందుతుంది.

ఆ ఒక సెకనుని "ఆపండి" అని చెప్పొద్దు. అది ఊపిరి మలుపు తిరిగే చోటు, చెప్పకపోతే ఎవరికీ తెలీదు కూడా.

వలయం ఒకే వేగంతో పెరిగి ఠక్కున తిరగకూడదు. మొదట నెమ్మదిగా కదిలి, మధ్యలో వేగం అందుకుని, మళ్ళీ నెమ్మదించి తిరగాలి. మీ యాప్‌లో కీఫ్రేమ్ మీద నొక్కితే వంపు గీతలు వస్తాయి, అందులో రెండు కొసలూ మెత్తగా ఉన్నది తీసుకోండి.

ఇంకో చిన్న పొరపాటు అందరూ చేస్తారు. మొదటి ఫ్రేమూ చివరి ఫ్రేమూ ఒకటే పెడితే లూప్ బాగుంటుందనుకుంటారు. అలా పెడితే ఆ ఫ్రేము రెండుసార్లు వస్తుంది. 0 నుంచి 299 దాకా 300 ఫ్రేములు, తర్వాతది మళ్ళీ 0. ఒక్క శ్వాస బొమ్మ చేసి కంప్యూటర్‌లో ffmpeg అనే వీడియో ప్రోగ్రాంతో ఆరు సార్లు అతికించేది ఇలా, గొంతు వేరే ఫైలుగా ఉంచుకుని చివర కలపాలి:

```
ffmpeg -stream_loop 5 -i breath10.mp4 -an -c:v copy loop60.mp4
ffmpeg -i loop60.mp4 -i voice.wav -c:v copy -c:a aac -t 60 final.mp4
```

మొదటి లైనులో 5 అంటే అసలుది కాక ఇంకో అయిదు సార్లు అని, మొత్తం ఆరు.

గోదారిగట్టు (రాత్రి 10:41)

కంప్యూటర్ మా అబ్బాయిది, వాడిని అడిగి చేయిస్తాను. ఫోన్లో అయితే అదే క్లిప్పుని ఆరు సార్లు కాపీ చేసి పక్కపక్కన పెట్టొచ్చా?

రీలుబండి (రాత్రి 10:44)

పెట్టొచ్చు మేడమ్. యాప్ దానంతటది రెండు క్లిప్పుల మధ్య ట్రాన్సిషన్ వేస్తే తీసేయండి, అది ఒక్కో అతుకు దగ్గర కొంత సమయం తినేస్తుంది, చివరికి 60 రాదు.

కొత్తమైకు (బుధవారం, ఉదయం 6:30)

వేణువు గురించి. రాగం వాయించే ఏ సంగీతమైనా లూప్‌కి చిక్కే, ఎందుకంటే పాటకి నడక ఉంటుంది, మధ్యలో తెంపితే చెవికి తెలిసిపోతుంది. తంబూరా శ్రుతి పెట్టండి. అది కూడా ఊరికే 60 సెకన్లకి కోస్తే టక్కుమంటుంది. 62 సెకన్లు రికార్డు చేసి, చివరి 2 సెకన్లు కోసి, వాటిని మొదటి 2 సెకన్ల మీద ఇంకో లేయరుగా పెట్టండి. కోసిన ముక్క పెద్దగా మొదలై తగ్గిపోవాలి, కింద ఉన్నది చిన్నగా మొదలై పెరగాలి. అప్పుడు 60వ సెకను దగ్గర ఏ శబ్దం ఉందో, మొదట్లో అదే కొనసాగుతుంది.

తంబూరా తీగలు మీటే వేగం కూడా చూసుకోవాలి. నాలుగు తీగలూ ఒక చుట్టు మీటడానికి 5 సెకన్లు పట్టేలా శ్రుతి బాక్సులో వేగం పెట్టుకుంటే నిమిషానికి 12 చుట్లు సరిగ్గా పడతాయి. లేకపోతే అతుకు దగ్గర రెండు మీట్లు ఒకదాని మీద ఒకటి పడతాయి.

చిన్నోడు_గుంటూరు (ఉదయం 8:15)

గోదావరి క్లిప్పు పది సెకన్లే ఉంటే ముందుకీ వెనక్కీ ఆడిస్తే సరిపోతుంది కదా, అతుకు కనపడదు. నేను దీపం వీడియోకి అలాగే చేశాను.

రీలుబండి (ఉదయం 9:00)

దీపానికి నడుస్తుంది తమ్ముడూ, మంట ఎటు ఊగినా మంటే. నీళ్ళకి నడవదు, అలలు గట్టు నుంచి వెనక్కి వెళ్తున్నట్టు కనపడుతుంది, పక్షి ఎగిరితే తోకవైపు ఎగురుతుంది. నదికి ఇంకో ఇబ్బంది, నీళ్ళకి వాటి సొంత లయ ఉంటుంది. కన్ను వలయాన్ని చూస్తుంటే వెనక అల ఇంకో వేగంతో కదులుతుంది, ఊపిరి దేన్ని పట్టుకోవాలో తెలీదు. నా సలహా, దూరంగా ఉన్న నీళ్ళు, మసకగా చేసి, బాగా నెమ్మదించి పెట్టండి, కదలిక దాదాపు తెలియనంతగా. గోదావరి రంగు మిగిలితే చాలు.

వలయం తెరకి సరిగ్గా మధ్యలో కాకుండా కొంచెం పైకి జరపండి. షార్ట్స్‌లో కింద పేరు, వివరణ, కుడివైపు బటన్లు వచ్చి పడతాయి.

గోదారిగట్టు (శుక్రవారం, మధ్యాహ్నం 2:50)

మూడోది అయింది. విశ్రాంతితో మొదలయ్యే చుట్టు, తంబూరా, మసక గోదావరి. నిన్న మధ్యాహ్నం మా ఇంట్లోనే ఏడుగురు కూర్చుని అయిదు సార్లు తిరగనిచ్చారు. నేను పక్కన కూర్చుని భుజాలు చూశాను, రాత్రిడ్యూటీ గారు చెప్పినట్టు. రెండో లూప్ ఎక్కడ మొదలైందో ఒక్కరూ చెప్పలేకపోయారు. ఉలిక్కిపడటం లేదు, తల తేలడం లేదు.

కానీ ఒక పెద్దావిడ, అరవై ఎనిమిదేళ్ళు, నాలుగో శ్వాస నుంచి వెనకబడి మధ్యలో ఒక చిన్న ఊపిరి ఎక్కువ తీసుకుంటున్నారు. అడిగితే "నాకంత పొడుగు రాదమ్మా, మీ గుండ్రం నన్ను లాక్కెళ్తోంది" అన్నారు.

రాత్రిడ్యూటీ (మధ్యాహ్నం 3:30)

ఆవిడ మధ్యలో తీసుకున్న ఆ చిన్న ఊపిరే గుర్తు, చుట్టు ఆవిడకి పొడుగైందని. పెద్దవాళ్ళు మామూలుగా కూర్చున్నప్పుడు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటారు. అక్కడినుంచి ఒక్కసారిగా ఆరుకి దించితే కొందరికి అందదు. బలవంతం చేస్తే మళ్ళీ పెద్ద పెద్ద ఊపిరి లాగడం మొదలవుతుంది.

రీలుబండి (సాయంత్రం 4:05)

ఆవిడ కోసం ఎనిమిది శ్వాసలది కట్టండి మేడమ్. చుట్టు ఏడున్నర సెకన్లు: అర సెకను విశ్రాంతి, మూడు లోపలికి, నాలుగు బయటికి. 225 ఫ్రేములు, ఎనిమిది సార్లకి సరిగ్గా 1800, అంటే నిమిషమే. తంబూరా అదే వాడుకోవచ్చు. విశ్రాంతి అర సెకనే కాబట్టి "లోపలికి" అనేది పెరగడంలోకి కొంచెం జారుతుంది, నాలుగక్షరాల మాట అర సెకనులో పట్టదు. దానికి నాకు ఇంకా మంచి మాట దొరకలేదు.

కొత్తమైకు (సాయంత్రం 4:40)

"లోనికి" అంటే ఒక అక్షరం తగ్గుతుంది. అయినా అర సెకనులో తొందరగా వినపడుతుంది. మొదటి రెండు శ్వాసలకే మాట చెప్పి, మూడు నుంచి ఎనిమిది దాకా అంకె ఒక్కటే అంటే?

గోదారిగట్టు (సాయంత్రం 5:15)

అది ఆరు శ్వాసల దానిలో చేసి చూశాను. కళ్ళు తెరుచుకుని వలయం చూసేవాళ్ళకి హాయిగా ఉంది. కళ్ళు మూసుకున్న ముగ్గురికి మూడో శ్వాస నుంచి ఎప్పుడు పీల్చాలో తెలియలేదు, ఇద్దరు కళ్ళు తెరిచి చూసుకున్నారు.

ధ్యానబాట (సాయంత్రం 5:50)

కళ్ళు మూసుకున్నవాళ్ళకి శబ్దంతోనే దారి చూపించొచ్చేమో. లోపలికి వెళ్ళేటప్పుడు శ్రుతి కొంచెం పెరిగి, వదిలేటప్పుడు తగ్గితే, మాట అక్కర్లేదు కదా.

కొత్తమైకు (సాయంత్రం 6:05)

శ్రుతి స్థాయి మారిస్తే తంబూరా పాడైపోతుంది అండి, షడ్జమం కదిలితే మన చెవులకి పడదు. శబ్దం పెద్దదవడం, చిన్నదవడం మాత్రమే చేయొచ్చు. దానిని పట్టుకుని ఊపిరి నడపగలరా అనేది నేను ఎవరి మీదా చేసి చూడలేదు.

గోదారిగట్టు (సాయంత్రం 6:20)

రేపు పొద్దున్న క్లాసులో చేసి చూస్తాను. తంబూరా లోపలికి పెరుగుతూ, బయటికి తగ్గుతూ, మాట మొదటి రెండు శ్వాసలకే. పెద్దావిడకి ఎనిమిదిది వేరుగా, "లోనికి"తో. రెండిటి సంగతీ ఇక్కడే రాస్తాను.